ఎఫ్‌పీఓకు డెమో మడి ఉత్తరం ఎలా రాయాలి?

తన సరుకు పనిచేస్తుందో లేదో రైతు పొలంలోనే వేసి చూపించే మడి డెమో మడి. దానికోసం ఎరువుల వ్యాపారి రైతు ఉత్పత్తిదారుల సంఘానికి, అంటే ఎఫ్‌పీఓకు, రాసే ఉత్తరం ముందు సీఈఓ చేతికి వెళ్తుంది. నిర్ణయం మాత్రం బోర్డు మీటింగులో జరుగుతుంది. అక్కడ ఎవరో ఒకరు ఆ ఉత్తరాన్ని పైకి చదువుతారు, మిగతా డైరెక్టర్లు వింటారు. వాళ్లలో సగం మంది పొద్దున్నే పొలం చూసుకుని వచ్చినవాళ్లే. కాబట్టి మీరు రాసేది పైకి చదివితే ఒక్కసారికే అర్థం కావాలి. "అధునాతన సూక్ష్మపోషక సాంకేతికత" అని మొదలుపెడితే రెండో వాక్యం వచ్చేలోపే టీ ఇంకా రాలేదేమని అడుగుతారు.

ఒక ఉదాహరణ పట్టుకుని చూద్దాం. ఊరు శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట వైపు, పంట వంశధార కాలువ కింద ఖరీఫ్ వరి, మీరు చూపించాలనుకున్న సరుకు జింకు సల్ఫేటు.

ముందు ఆ నేలకు జింకు కావాలో లేదో తేల్చుకోండి

ఉత్తరం రాయకముందే చేయాల్సిన పని ఇది. జింకు లోపం లేని నేలలో జింకు వేస్తే తేడా ఏమీ కనిపించదు. మీ సరుకు మంచిదే అయినా సరే, ఊరంతా "అది వేసినా ఒకటే, వేయకపోయినా ఒకటే" అంటుంది. భూసార పరీక్ష కార్డులో జింకు వరుస ఉంటుంది. అక్కడ 0.6 పీపీఎం కంటే తక్కువ ఉంటే లోపం ఉన్నట్టు. కార్డు పాతదైతే కొత్తగా మట్టి పరీక్ష చేయించండి.

కార్డుతో పాటు రైతును రెండు ప్రశ్నలు అడగండి. గత రెండు మూడు పంటల్లో జింకు వేశారా? వేసి ఉంటే ఆ మడి డెమోకు పనికిరాదు, ఒకసారి వేసిన జింకు కొన్ని పంటల వరకు పనిచేస్తూనే ఉంటుంది. రెండోది, ఉభాలు, అంటే నాట్లు, అయిన రెండు నుంచి నాలుగు వారాల మధ్య పైరు ఎదగక నిలబడిపోతోందా? కింది ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు, లేత ఆకు మొదట్లో ఈనె పాలిపోవడం, పిలకలు సరిగా రాకపోవడం దాని గుర్తులు. ఆకును వేళ్ల మధ్య పెట్టి వంచి చూడమనండి. జింకు లోపం ఉన్న ఆకు పెళుసుగా చిటుక్కున విరుగుతుంది. చాలామంది రైతులు దీన్ని తెగులు అనుకుని మందు కొడతారు. ఆ మాట ఉత్తరంలో రాస్తే, వినేవాళ్లలో ఎవరో ఒకరు "మా మడిలో కూడా అంతే" అంటారు.

మడి ఎక్కడ ఉండాలో మీరే చెప్పండి

రోడ్డు పక్కన ఉంటే చాలు అనుకోవద్దు. ఒకే రైతు పొలంలో, ఒకే రకం నేల మీద, పక్కపక్కనే రెండు అర ఎకరాలు కావాలి. ఒకదానిలో జింకు వేస్తారు, రెండోదానిలో వేయరు. విత్తనం, నారు వయసు, ఉభాల తేదీ, మిగతా ఎరువులు అన్నీ రెంటికీ ఒకటే.

అసలు చిక్కు నీటి దగ్గర వస్తుంది. మన దగ్గర చాలా చోట్ల నీరు కాలువ నుంచి నేరుగా ప్రతి మడికీ రాదు, ఒక మడి నుంచి గట్టు గండి ద్వారా ఇంకో మడికి పారుతుంది. జింకు వేసిన మడి ఎగువన ఉంటే ఆ నీటితో పాటు కొంత జింకు దిగువ మడికి పోతుంది. అప్పుడు వేయని మడి కూడా బాగానే కనిపిస్తుంది. అందుకే వీలైతే రెండు మడులకూ విడివిడిగా నీరు వచ్చే చోటు ఎంచుకోండి. అది కుదరకపోతే జింకు వేయని మడి ఎగువన ఉండాలి. ఇందులోనూ ఒక లోపం ఉంది: పై మడిలోని యూరియా కొంత కిందికి రావచ్చు, ఆ లాభం జింకు మడికి దక్కుతుంది. కాబట్టి ఎరువు వేసిన తర్వాత కొన్ని రోజులు మధ్య గట్టు గండి మూసి ఉంచాలని ముందే మాట్లాడుకోండి.

ఒక్క రైతు మడితో సరిపెట్టవద్దు. మామూలుగానే పక్కపక్క మడుల మధ్య ఎకరానికి వంద కిలోల తేడా వస్తుంటుంది. కనీసం ముగ్గురు రైతులైతే, ముగ్గురి మడుల్లోనూ తేడా ఒకే వైపు ఉందో లేదో చూడవచ్చు.

ఎప్పుడు పంపాలి

జింకును ఆఖరి దమ్ములో వేయాలి. అంటే ఆకుమళ్లు పోసే రోజులకే రైతులు ఖరారు అయిపోవాలి. బోర్డు నెలకోసారి కూర్చుంటుంది కాబట్టి మే నెల మీటింగుకు ఉత్తరం అందేలా చూసుకోండి. జూలైలో కాలువకు నీళ్లు వదిలాక పంపితే ఎవరికీ చదివే తీరిక ఉండదు.

ఉత్తరం ఇలా ఉండొచ్చు

"అధ్యక్షురాలు గారికి, డైరెక్టర్లందరికీ నమస్కారం.

మాది నరసన్నపేటలో ఎరువుల కొట్టు. మీ సంఘం సభ్యుల పొలాల్లో కొన్నింట వరి ఉభాలు అయిన మూడు వారాలకు ఎదుగుదల ఆగి, కింది ఆకుల మీద తుప్పు మచ్చలు వస్తున్నాయని విన్నాం. ఇది జింకు లోపం కావచ్చు. అవునో కాదో ఈ ఖరీఫ్‌లో మీ పొలంలోనే చూద్దామని రాస్తున్నాం.

మీ సభ్యుల్లో ముగ్గురు రైతులు ఒక్కొక్కరు పక్కపక్కనే రెండు అర ఎకరాల మడులు ఇవ్వాలి. ముందు వాటి మట్టి పరీక్ష చేయిస్తాం, ఖర్చు మాది. లోపం లేదని తేలితే అక్కడితో ఆపేస్తాం. లోపం ఉంటే ఒక మడిలో 10 కిలోల జింకు సల్ఫేటు ఆఖరి దమ్ములో వేస్తాం. సరుకు, వేసే కూలి మావే. రెండో మడిలో జింకు వేయం. మిగతా సాగు ఖర్చంతా రైతుదే, పండిన ధాన్యమంతా రైతుదే.

డీఏపీ వేసిన రోజున జింకు వేయం. రెండూ కలిస్తే జింకు పైరుకు అందదు. మధ్యలో కనీసం మూడు రోజులు ఎడం ఉంచుతాం.

జింకు వేయని మడి మరీ దెబ్బతింటుంటే రైతు ఊరుకోనక్కర్లేదు. లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు చొప్పున అయిదు రోజులకోసారి పిచికారీ చేసుకోవచ్చు, మందు మేమే ఇస్తాం. ఆ మడిని మాత్రం పోలికలోంచి తీసేస్తాం.

జింకు వేసిన మడిలో దిగుబడి రెండోదానికంటే తగ్గితే, తగ్గిన ధాన్యానికి మద్దతు ధర లెక్కన డబ్బు ఇస్తాం. తుపాను, ముంపు, తెగుళ్ల వల్ల రెండు మడులూ పోతే అది మా పూచీ కాదు.

ఉభాలు అయిన 25వ రోజు ప్రాంతంలో ఒకసారి, కోత రోజున ఒకసారి సభ్యులందరూ వచ్చి చూడాలి. కోత కొలత మీ డైరెక్టరు, రైతు, రైతు సేవా కేంద్రంలోని వ్యవసాయ సహాయకుడు, మా మనిషి కలిసి చేద్దాం. ఫలితం ఎలా ఉన్నా మా దగ్గర కొనాలన్న నియమం లేదు.

ఇష్టమైతే ముగ్గురు రైతుల పేర్లు, సర్వే నంబర్లు జూన్ మొదటి వారంలోగా తెలపండి."

ఇంతే. పేజీ దాటకూడదు. ఇందులో దిగుబడి ఇంత శాతం పెరుగుతుందన్న మాట లేదని గమనించండి. ఆ అంకె మీకు తెలిస్తే డెమో మడి ఎందుకని మొదటి డైరెక్టరే అడుగుతాడు. ధర కూడా రాయలేదు. ధర రాస్తే చర్చ మడి మీద నుంచి బేరం మీదకు పోతుంది.

తుపాను వాక్యాన్ని మాత్రం ఎట్టి పరిస్థితుల్లో వదలొద్దు. 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీని ఈ జిల్లాలో ఎవరూ మర్చిపోలేదు. నష్టం ఎవరిదన్న ప్రశ్న మీటింగులో వచ్చి తీరుతుంది, దానికి జవాబు కాగితం మీదే ఉండాలి.

సంచి విషయం కూడా చూసుకోండి. పై లెక్క 21 శాతం జింకు ఉన్న రకానికి, ఎకరానికి 20 కిలోలు. సంచి మీద 33 శాతం అని ఉంటే ఎకరానికి 13 కిలోలు సరిపోతుంది. సంచి మీద ఉన్న బ్యాచ్ నంబరు రాసి ఒక కాగితం రైతుకు ఇవ్వండి.

కోత రోజు కొలత

ఉత్తరంలో ఎంత మర్యాదగా రాసినా కొలత దగ్గర గొడవ వస్తే అంతా పోతుంది. ప్రతి మడిలో మూడు చోట్ల, గట్టుకు దూరంగా, అయిదు మీటర్ల చదరం తాడుతో కట్టండి. చోట్లు ఎంచుకునేది రైతూ డైరెక్టరూ, మీరు కాదు. ఆ చదరంలో పంట కోసి, నూర్చి, తూర్పారబట్టి తూచండి. ఒక చదరం 25 చదరపు మీటర్లు కాబట్టి కిలోలను 161.9తో గుణిస్తే ఎకరం లెక్క వస్తుంది.

తూకంతో ఆగితే మాత్రం తప్పు లెక్క వస్తుంది. జింకు మడిలో సగటున 14.2 కిలోలు, రెండోదానిలో 13 కిలోలు వచ్చాయనుకోండి. పచ్చి తూకంతో చూస్తే తేడా ఎకరానికి 194 కిలోలు. కానీ తేమ కొలిచే మీటరు జింకు మడి ధాన్యంలో 20 శాతం, రెండోదానిలో 18 శాతం చూపించింది. 14 శాతం తేమకు తెస్తే, అంటే 14.2ను 80తో గుణించి 86తో భాగిస్తే, 13.2 అవుతుంది. అలాగే 13ను 82తో గుణించి 86తో భాగిస్తే 12.4. ఇప్పుడు ఎకరానికి తేడా 130 కిలోలకు కాస్త పైనే. మిగతా అరవై కిలోలు నీళ్లే.

ఈ తగ్గిన అంకెనే మీరు చెప్పాలి. 2025–26 మద్దతు ధర, సాధారణ రకానికి క్వింటాలుకు 2,369 రూపాయలు. ఆ లెక్కన తేడా సుమారు 3,100 రూపాయలు. దాని పక్కన 20 కిలోల జింకు ధర, వేసిన కూలి రాసి డైరెక్టర్ల ముందు పెట్టండి. బస్తాల్లో మాత్రం చెప్పొద్దు. ఒకచోట బస్తా 75 కిలోలు, ఇంకోచోట 80, అక్కడే తగాదా మొదలవుతుంది.

ఆ తర్వాత

మూడు జతల అంకెలూ ఒక కాగితం మీద రాసి, కొలతకు వచ్చినవాళ్ల సంతకాలు తీసుకుని, వచ్చే బోర్డు మీటింగుకు పంపండి. ఒక రైతు మడిలో తేడా రాకపోతే ఆ వరుస కూడా అందులో ఉండాలి. ఎందుకు రాలేదో తెలిస్తే, అంటే మధ్య గట్టు తెగిందనో, ఉభాలు ఆలస్యమయ్యాయనో, పక్కనే రాయండి. సరుకు ధర, ఎన్ని సంచులు కావాలన్నది, అప్పు గడువు ఇవన్నీ వేరే ఉత్తరంలో, సంఘం అడిగాక పంపండి.