మోటారు పైకి తీసే ముందు లాగ్ పుస్తకం తెరవండి: డ్రిప్ తోటలో లోపం ఎక్కడుందో ఎలా పట్టుకోవాలి?

చెట్టు వాడగానే మోటారు పాడైందని మెకానిక్‌ని పిలిచి, బోరులోంచి పంపు పైకి తీయించి, తీరా చూస్తే ఫిల్టర్ జాలీ మూసుకుపోయి ఉంది. ఇలాంటివి చాలా చూశాను. రోజూ నాలుగు అంకెలు రాసుకుంటే ఈ ఖర్చు తప్పుతుంది.

కావాల్సినవి: వాటర్ మీటర్, ఫిల్టర్‌కి ముందొకటి వెనకొకటి ప్రెషర్ గేజ్‌లు, స్టార్టర్ డబ్బాలో యాంప్స్, వోల్టేజీ చూపే మీటర్లు, ఒక్కో గేట్ వాల్వ్ కింద తడిసే చోట నేల తడి చూపే టెన్షియోమీటర్ ఒకటి. నేల ఎండేకొద్దీ దీని అంకె పెరుగుతుంది. భూమిలో గుచ్చే చవక సెన్సార్లు నేను వాడను, నేలలో ఉప్పు ఉంటే వాటి అంకె మారిపోతుంది. టెన్షియోమీటర్‌ని డ్రిప్పర్‌కి జానెడు దూరంలో, అడుగు లోతున పెట్టండి. సరిగ్గా డ్రిప్పర్ కింద పెడితే చెట్టు ఎండుతున్నా అది తడిగానే ఉందంటుంది. గొట్టంలో నీళ్లు అయిపోయినా సున్నాయే చూపిస్తుంది కాబట్టి వారానికోసారి నింపండి.

పుస్తకంలోనే రాయండి. మొబైల్‌లో రాస్తే పాత అంకె, కొత్త అంకె పక్కపక్కన కనబడవు.

అన్నీ బాగున్నప్పుడు ఒక్కో వాల్వ్‌కి మామూలు అంకె తెలిసి ఉండాలి. మా చీనీ తోటలో ఒక వాల్వ్ కింద 200 చెట్లు, చెట్టుకి 4 డ్రిప్పర్లు, ఒక్కోటి గంటకి 8 లీటర్లు, అంటే గంటకి 6,400 లీటర్లు. మీటర్‌లో కూడా అంతే పడుతుంది. 5 హెచ్‌పీ మోటారుకి 9 యాంప్స్. ప్రెషర్ ఫిల్టర్‌కి ముందు 1.8 కేజీలు, వెనక 1.6.

ఇక అందరూ తప్పు చేసే చోటు: అంకెల్ని విడివిడిగా చదవడం. నీళ్లు తగ్గాయంటే పంపు బలహీనపడినా తగ్గుతాయి, పైపు మూసుకుపోయినా తగ్గుతాయి. రెండు సందర్భాల్లోనూ యాంప్స్ కూడా కాస్త తగ్గుతాయి, కాబట్టి ఒక్క యాంప్సే చూసి ఏదీ తేల్చకండి. తేడా చెప్పేది ప్రెషర్. నీళ్లు తగ్గి ఫిల్టర్ వెనక ప్రెషర్ పెరిగితే ఫిల్టర్ దాటాక ఎక్కడో దారి మూసుకుంది. ఫిల్టర్‌కి ముందు పెరిగి వెనక తగ్గితే ఫిల్టరే, అరకేజీ తేడా వచ్చేదాకా ఆగొద్దు, ముందే కడిగేయండి. నీళ్లు పెరిగి ప్రెషర్ తగ్గితే ఎక్కడో పైపు పగిలింది. అన్ని వాల్వ్‌ల్లోనూ నీళ్లు, ప్రెషర్ రెండూ తగ్గితేనే పంపు వైపు చూడాలి.

అప్పుడూ తొందరపడకండి. మోటారు వేసిన అరగంటకి ఒకసారి, మూడు గంటలకి ఒకసారి చదవండి. మొదట బాగుండి తర్వాత పడిపోయి, యాంప్స్ ఊగుతుంటే బోరులో నీటిమట్టం దిగిపోతోంది, పంపుది తప్పు కాదు. మొదటి నుంచీ తక్కువే ఉంటే ఇంపెల్లర్లు అరిగాయేమో, ఇసుక వచ్చే బోర్లలో ఇది మామూలే. ప్రెషర్, నీళ్లు పడిపోయినా యాంప్స్ తగ్గకుండా ఉంటే బోరు లోపలి పైపు చిల్లి పడిందేమో చూడండి, నీళ్లు లోపలే పడే చప్పుడు వినిపిస్తుంది. వోల్టేజీ మాత్రం ప్రతిసారీ రాయాలి, అది పడిపోతే యాంప్స్ పెరుగుతాయి, ఆ రోజు అంకెల్ని వేరే రోజుతో పోల్చకూడదు. ఆటో స్టార్టర్ పెట్టుకుని ఎవరూ లేనప్పుడు మోటారు నడిపేవాళ్లకి ఈ అరగంట లెక్క దొరకదు, వారానికి రెండు రోజులైనా మనిషి ఉండి వేయండి.

మా రెండో వాల్వ్ సంగతి చెప్తాను. నీళ్లు పెట్టిన మర్నాడు టెన్షియోమీటర్ మామూలుగా 12కి దిగేది, ఆసారి 40 దగ్గరే ఆగింది. నీళ్లు గంటకి 4,900 లీటర్లే, ఫిల్టర్‌కి ముందు 2.3, వెనక 2.2, యాంప్స్ 8.5, వోల్టేజీ ఎప్పటిదే. మొదటి వాల్వ్‌లో అన్నీ మామూలే. అంటే పంపు బాగుంది, ఫిల్టర్ బాగుంది, లోపం రెండో వాల్వ్ తర్వాతే. డ్రిప్పర్ కింద 3 నిమిషాలు సీసా పట్టాం, 400 మిల్లీలీటర్లు రావాలి. లైను మొదట్లో 390 వచ్చాయి, చివర 180. చివర మూత విప్పితే తెల్లటి ఉప్పు పెచ్చులు వచ్చాయి.

లైన్లన్నీ చివర విప్పి కడిగి, యాసిడ్ పెట్టాం. యాసిడ్‌నే నీళ్లలో పోయాలి, నీళ్లని యాసిడ్‌లో ఎప్పుడూ పోయకూడదు. మర్నాడు లైన్లు మళ్లీ కడిగి నీళ్లు వదిలితే మీటర్‌లో 6,200 వచ్చింది. ఇప్పుడు ఆ వాల్వ్‌కి అదే మా మామూలు అంకె.