పెసరట్టు బోర్డు మీద రాత మార్చిన తీరు

"స్పెషల్ రుచికరమైన పెసరట్టు" అని మా టిఫిన్ హోటల్ బోర్డు మీద ఉన్నంతకాలం కౌంటర్ దగ్గర "అందులో ఏముంటుందండీ?" అనే ప్రశ్న ఆగలేదు. స్పెషల్ అన్న మాట అన్ని టిఫిన్ల పక్కనా ఉండేది, కాబట్టి దేనికీ పనికిరాలేదు. దాన్ని తీసేసి ఇలా రాశాం:

"పొట్టు పెసలు నానబెట్టి రుబ్బిన అట్టు. పైన ఉల్లి, అల్లం, పచ్చిమిర్చి. అల్లం పచ్చడితో."

ముందు పిండి, తర్వాత పెనం మీద పడేవి, చివర పచ్చడి. తినేవాళ్లకు నోరూరించేది అల్లం, పచ్చిమిర్చి పేర్లే; పొగడ్త అక్కర్లేదు. పచ్చిమిర్చి అని ముందే రాస్తే పిల్లలకు కావాలనేవాళ్లు "కారం లేకుండా" అని వాళ్లే చెప్తారు, ప్లేటు వెనక్కి రాదు.

"కరకరలాడే" అన్న మాట దగ్గర జాగ్రత్త. పెనం మీంచి నేరుగా ప్లేటులోకి వస్తే అది నిజమే. పార్సిల్ కడితే లోపలి ఆవిరికి అట్టు మెత్తబడుతుంది, ఫిర్యాదు వస్తుంది. అందుకే పెసరట్టుకు ఆ మాట రాయలేదు, దోసెకు "ఇక్కడే తింటే కరకర" అని రాశాం. "నేతి" కూడా అంతే: నూనెతో కాల్చి పైన చెంచాడు నెయ్యి వేస్తే "పైన నెయ్యి" అనాలి, "నేతి పెసరట్టు" అనకూడదు.

ఉప్మా పొద్దున్నే అయిపోయే రోజులుంటాయి. అందుకని "లోపల ఉప్మా" అన్నది పెయింటుతో రాయించలేదు, పక్కన పలక మీద సుద్దతో రాస్తాం. గిన్నె ఖాళీ అవగానే తుడిచేయడం సర్వర్ పని.