"ఫ్లోరైడ్ మీద రీసెర్చ్ సమ్మరీ ఒకటి చేసి పెట్టండి" అంటే ఏం చేయాలి?

నల్లగొండ ప్రాంతంలో పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థలో మీరున్నారనుకుందాం. పైవాళ్లు ఈ ఒక్క ముక్క చెప్పి వెళ్లిపోయారు. ఏ కోణం, ఏ సంవత్సరాలు, ఎన్ని పేజీలు, ఏదీ చెప్పలేదు. ఈ విషయంపై భూగర్భ శాస్త్రవేత్తలూ డాక్టర్లూ ఇంజినీర్లూ దశాబ్దాలుగా రాస్తున్నారు. ఉమ్మడి మద్రాసు ప్రెసిడెన్సీలో ఫ్లోరోసిస్ ఉందన్న పరిశోధన పత్రం 1937లోనే వచ్చింది. అన్నీ చదువుతూ కూర్చుంటే పని తెమలదు.

1. ముందు ఒక గంట వెతకండి. ఏమీ చూడకుండా "సార్, స్కోప్ ఏంటి?" అని అడిగితే "అన్నీ కవర్ చేయండి" అన్న జవాబే వస్తుంది. ఆ గంటలో పత్రాలు చదవొద్దు, శీర్షికలు చూస్తే చాలు. మూడు గుంపులు కనిపిస్తాయి: నీళ్లలోకి ఫ్లోరైడ్ ఎలా వస్తోంది, మనుషులకు ఏం చేస్తోంది, ఎలా తీసేయాలి. "నల్లగొండ" అని కొడితే టాంజానియా, ఇథియోపియా పత్రాలు కూడా వస్తాయి, కంగారు పడకండి. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మన జిల్లా పేరే పెట్టారు, అది అక్కడిదాకా వెళ్లింది.

2. సమ్మరీతో ఏం చేస్తారో కనుక్కోండి. అసలు అడగాల్సింది ఇదే. ఫిల్టర్ ప్లాంటు పెట్టాలా అన్నది తేల్చడానికైతే మూడో గుంపు చాలు. నదీజలాలు వచ్చాక పిల్లల పళ్ల మీద మచ్చలు తగ్గాయా అన్నది తెలియాలంటే రెండో గుంపు, అందులోనూ డెంటల్ ఫ్లోరోసిస్ మాత్రమే. ఇక్కడ ఈ రెండోదే తీసుకుందాం.

3. సంవత్సరాలకు కారణం ఉండాలి. "గత పదేళ్లు" అని గీత గీసేయడం మామూలే, కానీ ఇక్కడ అది దెబ్బతీస్తుంది. మిషన్ భగీరథ 2016లో ప్రారంభమైంది, ఊళ్లకు నీళ్లు వేర్వేరు సమయాల్లో చేరాయి. 2016 తర్వాత అచ్చయిన పత్రాలన్నీ "తర్వాతి" లెక్క అనుకుంటే పొరపాటే. శాశ్వత దంతాల పింగాణీ పొర (జ్ఞానదంతాలు మినహా) సుమారు ఎనిమిదేళ్ల వయసులోపే తయారవుతుంది, మచ్చ పడేదీ అప్పుడే. 2019లో పరీక్షించిన 12 ఏళ్ల పిల్లవాడు 2016 నాటికే తొమ్మిదేళ్లవాడు. అతని పళ్లు చెప్పేది పాత బోరు నీళ్ల కథ. కాబట్టి అచ్చయిన సంవత్సరంతో పాటు సర్వే చేసిన సంవత్సరం, పిల్లల వయసు రాసుకుని, పుట్టిన సంవత్సరాన్ని బట్టి వేరు చేయండి. పాత స్థితి తెలియడానికి 2000 నుంచి మొదలుపెట్టడం సబబు.

4. ఊరి పేర్లు సరిచూడండి. 2014 జూన్‌కు ముందు పత్రాల్లో రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అనే ఉంటుంది. ఒక్క "తెలంగాణ" అని వెతికితే అవన్నీ జారిపోతాయి. 2016 అక్టోబరులో నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి విడిపోయాయి, అందుకే పాత "నల్లగొండ జిల్లా" అంకెను ఇప్పటి జిల్లాతో నేరుగా పోల్చకూడదు. పబ్‌మెడ్‌లో ఇలా వెతకండి:

```
fluorosis[tiab] AND (Nalgonda[tiab] OR Telangana[tiab]
OR "Andhra Pradesh"[tiab]) AND 2000:2025[dp]
```

ఇందులో ప్రకాశం జిల్లా పత్రాలూ వస్తాయి. వాటిని చేతితో పక్కన పెట్టాలి.

5. నిడివిని మీ గడువే చెబుతుంది. ఒక పత్రం చదివి నోట్సు రాసుకోవడానికి గంటన్నర వేసుకోండి. వారం గడువుంటే, మిగతా పనులతో పాటు పది పన్నెండు పత్రాలు అవుతాయి. వాటికి రెండు మూడు పేజీలు సరిపోతాయి.

6. రాసి పంపండి, గడువు పెట్టండి. నోటిమాటగా వదిలేస్తే తర్వాత "కిడ్నీల సంగతి ఎందుకు లేదు?" అని అడుగుతారు. ఇంత చాలు:

"మేడమ్, సమ్మరీని ఇలా పరిమితం చేస్తున్నాను: ఉమ్మడి నల్లగొండ జిల్లా, 8–15 ఏళ్ల పిల్లలు, డెంటల్ ఫ్లోరోసిస్, 2000 నుంచి 2025 వరకు వచ్చిన పత్రాలు, మూడు పేజీలు. ఎముకల ఫ్లోరోసిస్, నీటిశుద్ధి పద్ధతులు ఇందులో ఉండవు. మార్పులుంటే బుధవారం లోపు చెప్పండి, లేదంటే ఇలాగే మొదలుపెడతాను."

"ఉండవు" అన్న వాక్యం తప్పనిసరి. ఏం కావాలో చెప్పలేనివాళ్లు కూడా అది చూడగానే "అయ్యో, ఎముకలది కావాలి కదా" అని గుర్తుచేస్తారు. అలా అంటే మొత్తం కలిపేయకుండా, పళ్లది తగ్గించాలా, గడువు పెంచాలా అని అప్పుడే తేల్చుకోండి.

7. వెతికాక గీతలు మళ్లీ చూడండి. నాలుగైదు పత్రాలే దొరికితే ఇరుకు ఎక్కువైంది. వయసు పరిమితి జోలికి పోకుండా ప్రాంతాన్ని పెంచి ప్రకాశం జిల్లాను కలపండి, కానీ ఆ అంకెలను విడి పట్టికలో పెట్టండి. ఎనభై వస్తే నీటి ఫ్లోరైడ్ స్థాయినీ పిల్లల పళ్లనూ రెండింటినీ కొలిచిన పత్రాలే ఉంచండి. పట్టిక కింద ఒక వరుస రాయండి: 2016 తర్వాత పుట్టిన పిల్లల మీద ఎన్ని సర్వేలు దొరికాయి? ఒక్కటీ లేకపోతే సున్నా అని రాయండి. మచ్చలు తగ్గాయా అన్న ప్రశ్నకు ఆ పత్రాలతో జవాబు రాదని చదివేవాళ్లకు అప్పుడు తెలుస్తుంది.