చిన్న సోలార్ ప్యానెల్‌తో ప్రయోగాలు – నాలుగో పాఠం: కదిపి చూడటమా, నేరుగా కలపడమా?

పోయిన పాఠంలో 20 వాట్ల ప్యానెల్‌కు కరెంటు, వోల్టేజి వక్రరేఖ గీశాం. సున్నా వోల్టేజి నుంచి చాలా దూరం కరెంటు దాదాపు మారకుండా బల్లపరుపుగా సాగి, ఒక మలుపు దగ్గర ఒక్కసారిగా పడిపోవడం మీ కాగితం మీద ఉండే ఉంటుంది. గరిష్ఠ శక్తి ఆ మలుపు మీదే ఉంది. లేబుల్ ప్రకారం అక్కడ 18 వోల్టులు, 1.11 ఆంపియర్లు. ఈ రోజు ఆ మలుపు మీద నిలబడితే నిజంగా ఎంత లాభమో లెక్క వేద్దాం.

ముందు నేరుగా కలిపి చూడండి. ప్యానెల్, ఒక షాట్కీ డయోడు, 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ, అంతే. రాత్రి బ్యాటరీ కరెంటు ప్యానెల్‌లోకి వెనక్కి పోకుండా ఆపడానికే డయోడు. ఇక్కడ వోల్టేజిని నిర్ణయించేది ప్యానెల్ కాదు, బ్యాటరీ. అది 12.2 దగ్గర ఉంటే, డయోడులో పోయే 0.4 కలిపి ప్యానెల్ 12.6 వద్ద కూర్చుంటుంది.

జనవరి ఉదయం తొమ్మిది గంటలు అనుకుందాం. ఎండ పూర్తి బలంలో అరవై శాతం, ప్యానెల్ వేడి 35 డిగ్రీలు. లేబుల్ అంకెలు 25 డిగ్రీలకు చెప్పినవి. ఆపైన ప్రతి డిగ్రీకి మలుపు వోల్టేజి సుమారు 0.4 శాతం తగ్గుతుంది కాబట్టి మలుపు 17.3 వోల్టుల దగ్గర ఉంటుంది. అక్కడ 0.67 ఆంపియర్లు, అంటే 11.5 వాట్లు. ప్యానెల్‌ను ఆ మలుపు మీద ఉంచి, వోల్టేజిని బ్యాటరీ స్థాయికి దించే బక్ కన్వర్టర్ 92 శాతం సామర్థ్యంతో పనిచేస్తే బ్యాటరీకి 10.6 వాట్లు, అంటే 0.87 ఆంపియర్లు చేరతాయి. నేరుగా కలిపితే 0.71 మాత్రమే. లాభం ఐదో వంతుకు పైగా ఉంది.

ఇప్పుడు మే నెల మధ్యాహ్నం, ఎండ పూర్తి బలంలో ఉంది. ప్యానెల్ వేడి 60 డిగ్రీలు, మలుపు 15.5కు దిగింది. బ్యాటరీ మాత్రం ఛార్జ్ అవుతూ 13.6కు ఎక్కింది. కన్వర్టర్ ఇచ్చేది 15.8 వాట్లు, అంటే 1.16 ఆంపియర్లు. నేరుగా కలిపినా ప్యానెల్ 14 వోల్టుల వద్ద ఉండి దాదాపు అంతే ఇస్తుంది! మన ఎండల్లో, నిండుతున్న బ్యాటరీకి ఇంత చిన్న ప్యానెల్‌తో ఎంపీపీటీ, అంటే మలుపును వెతికి పట్టుకునే ఏర్పాటు, కట్టి ఏమీ మిగల్చుకోలేం. ఈ మాట అమ్మకపు కాగితాల మీద కనిపించదు. లాభమంతా చల్లని ఉదయాల్లో, ఖాళీ బ్యాటరీ ఉన్నప్పుడే. (రెండింటిలోనూ 14.4 వోల్టుల వద్ద ఛార్జింగును అదుపు చేసే ఏర్పాటు ఉండాల్సిందే. డయోడు ఆ పని చేయదు.)

ఆ ఉదయపు లాభం కోసమే కదిపి చూసే పద్ధతి. డ్యూటీని, అంటే కన్వర్టర్ స్విచ్ ఆన్‌లో ఉండే సమయపు వంతును, కొంచెం మార్చి, శక్తి పెరిగితే అదే దిక్కున సాగాలి, తగ్గితే వెనక్కి తిరగాలి.

```
P = V * I;
if (P < Pprev) dir = -dir;
Pprev = P;
duty = constrain(duty + dir * STEP, 100, 240);
```

బ్యాటరీ వోల్టేజి స్థిరంగా ఉంటుంది కాబట్టి డ్యూటీ పెరిగితే ప్యానెల్ వోల్టేజి తగ్గుతుంది. 255 మెట్ల డ్యూటీలో `STEP` 2 అయితే ప్యానెల్ సుమారు 0.2 వోల్టు కదులుతుంది.

చాలామంది పడిపోయేది ఇక్కడే. శిఖరం దగ్గర వక్రరేఖ చదునుగా ఉంటుంది. అక్కడ 0.2 వోల్టు కదిపితే శక్తిలో తేడా 30 మిల్లీవాట్ల వరకే. 5 ఆంపియర్ల ACS712 కరెంటు సెన్సార్‌ను 5 వోల్టుల ఆర్డుయినో పది బిట్లతో చదివితే ఒక్క మెట్టు 26 మిల్లీఆంపియర్లు. 17.3 వోల్టుల వద్ద అది 450 మిల్లీవాట్లు! కొలత ఒక మెట్టు అటూ ఇటూ ఊగితే చాలు, పెరగని శక్తి పెరిగిందని నమ్మి ప్రోగ్రాము తప్పు దిక్కు పడుతుంది.

ఇది జరుగుతున్నట్టు తెలుసుకోవడం తేలిక. ప్రతి మెట్టుకూ ప్యానెల్ వోల్టేజిని సీరియల్ మానిటర్‌లో చూడండి. ఎండ నిలకడగా ఉన్నప్పుడు 17.1, 17.3, 17.5 అంటూ మూడు విలువల మధ్య ఊగితే ప్రోగ్రాము బాగుంది. ఆ ఊగడం లోపం కాదు, పద్ధతి స్వభావం. 15 నుంచి 19 దాకా ఊరంతా తిరుగుతుంటే దోషం కొలతలో వెతకాలి.

కరెంటు కొలవడానికి నా సలహా INA219 మాడ్యూలు. మామూలు అమరికలో దాని మెట్టు 0.8 మిల్లీఆంపియర్లు, అంటే 14 మిల్లీవాట్లు. పదహారు రీడింగుల సగటు తీస్తే ఊగిసలాట ఇంకా తగ్గుతుంది. అది 26 వోల్టుల వరకు ఓర్చుకుంటుంది, మన ప్యానెల్ దేనికీ కలపకుండా వదిలినా 22 దాటదు. కొలత ఇంకా ఊగితే `STEP` 4 చేయండి. కదలిక రెట్టింపైతే శక్తిలో తేడా దాదాపు నాలుగింతలవుతుంది, ప్రోగ్రాముకు స్పష్టంగా కనిపిస్తుంది. బదులుగా ఊగడంలో పోయేది ఒక శాతం దాకా ఉంటుంది, అది భరించదగ్గదే.

మెట్టుకూ మెట్టుకూ మధ్య 100 మిల్లీసెకన్లు ఆగండి. కెపాసిటర్ వోల్టేజి కుదురుకోకముందే కొలిస్తే పాత మెట్టు శక్తినే కొత్తదిగా లెక్కిస్తారు.

వచ్చే పాఠం వరకు ఒక పని: మబ్బు వచ్చి పోయే రోజు అరగంట ఈ విలువలు రాసి పెట్టుకోండి. ఎండ దానంతట అది పెరుగుతున్నప్పుడు ఈ నాలుగు వరుసల ప్రోగ్రాము ఎటు పరుగెడుతుందో ఆ కాగితంలోనే చూద్దాం.