ప్లేటు నిండా నీలం కాలనీలు: తప్పు ఎక్కడ జరిగింది?

పీయూసీ19 వెక్టర్‌ను, 1,200 బేస్ జతల ఇన్సర్ట్‌ను ఎకోఆర్1, హిండ్3 ఎంజైములతో కోసి, లైగేషన్ చేసి, డీహెచ్5 ఆల్ఫా బ్యాక్టీరియాలోకి పంపారనుకుందాం. ఈ బ్యాక్టీరియా తయారుచేసే బీటా గాలక్టోసిడేజ్‌లో ఒక ముక్క లోపించి ఉంటుంది. ఆ ముక్కను ప్లాస్మిడ్‌లోని లాక్‌జెడ్ ఆల్ఫా అందిస్తుంది. రెండూ కలిస్తే ఎంజైము పనిచేసి, ఎక్స్-గాల్‌ను విడగొట్టి కాలనీని నీలంగా మారుస్తుంది. ఇన్సర్ట్ ఆ జన్యువు మధ్యలో చేరితే కాలనీ తెల్లగా ఉండిపోతుంది.

సమస్య: దాదాపు అన్నీ నీలమే

వెక్టర్ తనంతట తానే మళ్లీ అతుక్కుందని చాలామంది వెంటనే తేల్చేస్తారు. కానీ రెండు ఎంజైములూ కోసిన వెక్టర్ కొసలు ఒకదానికొకటి సరిపోవు, కాబట్టి అతుక్కోవు. అంటే కొంత వెక్టర్ అసలు తెగలేదు, లేదా ఒక్క ఎంజైమే కోసింది. జెల్ ఇక్కడ సాయం చేయదు. ఈ రెండు కోతల మధ్య ఉన్నది సుమారు 50 బేస్ జతలే. అందువల్ల ఒకసారి తెగినదీ రెండుసార్లు తెగినదీ ఒకే బ్యాండుగా కనిపిస్తాయి.

తేల్చేది కంట్రోల్ ప్లేట్లే. ఇన్సర్ట్ లేకుండా, కోసిన వెక్టర్‌ను మాత్రమే ఒకసారి లైగేజ్ లేకుండా, మరోసారి లైగేజ్‌తో ట్రాన్స్‌ఫార్మ్ చేయండి. లైగేజ్ లేని ప్లేటులోనూ నీలం కాలనీలు విరివిగా వస్తే, తెగని ప్లాస్మిడ్ మిగిలిందని అర్థం. తక్కువ డీఎన్‌ఏతో ఎక్కువసేపు కోయండి. తెగిన బ్యాండును జెల్ నుంచి కోసి శుద్ధి చేయండి. లైగేజ్ ఉన్నప్పుడే నీలం పెరిగితే, ఒక ఎంజైము పనిచేయలేదు. రెండింటినీ విడివిడిగా పరీక్షించి, పనిచేయనిదాన్ని మార్చండి. కొసల్లోని ఫాస్ఫేట్ తొలగించే ఫాస్ఫటేజ్ కూడా స్వీయ లైగేషన్‌ను అడ్డుకుంటుంది. కానీ మందకొడి ఎంజైమును వదిలేసి దీన్నే నమ్ముకోవడం నాకు నచ్చదు.

కంట్రోల్ ప్లేట్లు దాదాపు ఖాళీగా ఉండి, అసలు ప్లేటులోనూ తెల్లవి రాకపోతే లోపం ఇన్సర్ట్ వైపు ఉంది. 50 నానోగ్రాముల వెక్టర్‌కు మోలార్ నిష్పత్తి 3:1 కావాలంటే సుమారు 67 నానోగ్రాముల ఇన్సర్ట్ పడుతుంది. పీసీఆర్ ముక్క అయితే, ప్రైమర్‌లో కోత స్థలానికి వెలుపల ఆరు బేసులైనా ఉన్నాయో లేదో చూడండి. మరీ కొసన ఉన్న స్థలాన్ని ఎంజైము సరిగా కోయలేదు.

సమస్య: తెల్లవి వచ్చినా ఇన్సర్ట్ లేదు

పెద్ద నీలం కాలనీల చుట్టూ ముత్యాల్లా ఉన్న చిన్న తెల్లవైతే వాటిని ముట్టుకోకండి. మధ్యనున్న కాలనీ యాంపిసిలిన్‌ను నాశనం చేయడం వల్ల పెరిగిన ఉపగ్రహ కాలనీలవి. వాటిలో ప్లాస్మిడే ఉండదు. ప్లేటును 16 నుంచి 18 గంటల్లో బయటకు తీయండి. విడిగా ఉన్న పెద్ద తెల్లవాటిలోనూ ఇన్సర్ట్ లేకపోతే, న్యూక్లియేజ్ కొసలను కొరికేసి ఉండవచ్చు. ఒకటి రెండు బేసులు పోయినా లాక్‌జెడ్ రీడింగ్ ఫ్రేమ్ చెదిరి రంగు రాదు. ఎంజైములను, నీటిని మార్చి చూడండి.

దీనికి తిరగబడ్డ సందర్భమూ ఉంది: చిన్న ఇన్సర్ట్ ఫ్రేమ్ చెడకుండా, స్టాప్ కోడాన్ లేకుండా చేరితే కాలనీ లేత నీలంగా రావచ్చు. అందుకే ఇన్సర్ట్ మరీ చిన్నదైతే లేత నీలం వాటినీ రెండు మూడు ఎంచి, ప్లాస్మిడ్ తీసి కోసి చూడాలి.