శాతాలు మాత్రమే ఉన్న టేబుల్ ఫొటో నుంచి అసలు సంఖ్యలు రాబట్టడం ఎలా?

ఎవరో రిపోర్టులోంచి స్క్రీన్‌షాట్ తీసి పంపుతారు. అందులో ఒక్కో అడ్డు వరుసకు శాతాలుంటాయి, చివర మొత్తం ఎంతమందో ఉంటుంది. ఏ గడిలో ఎంతమందో మాత్రం ఉండదు. చాలామంది శాతాన్ని మొత్తంతో గుణించి, దగ్గరి పూర్ణసంఖ్య రాసుకుని ముందుకు వెళ్లిపోతారు. అలా చేస్తే ఎక్కడ తప్పుతుందో, సరైన పద్ధతి ఏమిటో ఒక నిజమైన టేబుల్ మీద చేసి చూద్దాం.

అమెరికాలోని డెలావేర్ యూనివర్సిటీ విద్యార్థులు 592 మంది జుట్టు రంగు, కంటి రంగు లెక్క 1974లో అచ్చయింది. R సాఫ్ట్‌వేర్‌లో అది `HairEyeColor` అనే పేరుతో దొరుకుతుంది. అసలు సంఖ్యలు అందుబాటులో ఉన్నాయి కాబట్టి మనం రాబట్టినవి సరైనవో కాదో చివర్లో చూసుకోవచ్చు. దాన్ని దశాంశాలు లేని శాతాలుగా మారిస్తే ఇలా ఉంటుంది:

| జుట్టు | గోధుమ కళ్లు | నీలి | హేజెల్ | ఆకుపచ్చ | మొత్తం మంది |
|---|---|---|---|---|---|
| నలుపు | 63 | 19 | 14 | 5 | 108 |
| గోధుమ | 42 | 29 | 19 | 10 | 286 |
| ఎరుపు | 37 | 24 | 20 | 20 | 71 |
| బంగారు | 6 | 74 | 8 | 13 | 127 |
| అందరూ | 37 | 36 | 16 | 11 | 592 |

1. ముందు ఫొటోను సరిగ్గా చదివామా?

శాతాలను టైప్ చేసుకున్నాక ప్రతి వరుసనూ కూడండి. ఇక్కడ నలుపు, ఎరుపు, బంగారు వరుసలు 101 వస్తాయి. కంగారు అక్కర్లేదు, అది రౌండింగ్ వల్లే. ఒక్కో గడి రౌండింగ్‌లో అటో ఇటో అర శాతానికి మించి జరగదు. నాలుగు గడులుంటే మొత్తం తేడా 2 దాటదు. కాబట్టి 98 నుంచి 102 వరకు ఏది వచ్చినా సరే. 103 వచ్చిందంటే మాత్రం 3ను 8గానో, 0ను 6గానో చదివి ఉంటారు. లేదా ఒకే మనిషి రెండు జవాబులు చెప్పగలిగే ప్రశ్న అయి ఉంటుంది.

దీనికి ఎదురు లక్షణం కూడా ఒకటుంది. పెద్ద టేబుల్‌లో ప్రతి వరుసా సరిగ్గా 100 వస్తుంటే నాకు అనుమానం వస్తుంది. కొందరు చూడ్డానికి బాగుండాలని పెద్ద గడిలో ఒకటి కలిపో తీసో 100 చేస్తారు. అలా చేసిన టేబుల్‌కు కింద చెప్పే లెక్క పనిచేయదు. మన టేబుల్‌లో మూడు వరుసలు 101 ఉన్నాయంటే ఎవరూ చెయ్యి పెట్టలేదన్నమాట.

2. ఒక సంఖ్య కాదు, ఒక హద్దు రాసుకోండి

నల్లజుట్టు వరుస తీసుకుందాం. 108లో 19 శాతం అంటే 20.52. దాన్ని 21 చేసేస్తే, మిగతా మూడు గడులు 68, 15, 5తో కలిపి మొత్తం 109 అవుతుంది. ఉన్నది 108 మందే కదా!

19 అని అచ్చయిందంటే అసలు శాతం 18.5 నుంచి 19.5 లోపు ఎక్కడైనా ఉండొచ్చు. 108 మందిలో అది 19.98 నుంచి 21.06 వరకు. అంటే ఆ గడిలో 20 గానీ 21 గానీ ఉండాలి. ఇలాగే చూస్తే 63 శాతానికి 68 ఒక్కటే కుదురుతుంది, 14కి 15, 5కి 5. ఈ మూడూ కలిపితే 88. 108 రావాలంటే నీలి కళ్లవాళ్లు 20 మందే కావాలి. వేరే దారి లేదు. ఈ వరుసలో నాలుగు శాతాలూ పైకే జరిగాయి, అందుకే మొత్తం 101 అయింది.

బంగారు వరుసలో మామూలు గుణకారం 8, 94, 10, 17 ఇస్తుంది. మొత్తం 129, రెండు ఎక్కువ. హద్దులు వేస్తే 7 లేదా 8, 94, 10, 16 లేదా 17. మొత్తం 127 కావాలంటే 7, 94, 10, 16 తప్ప ఇంకేదీ కుదరదు. ఎరుపు వరుస ఇంకా సులువు. హద్దు వెడల్పు మొత్తంలో నూరో వంతు. మొత్తం 100 లోపు ఉంటే ఆ హద్దులో ఒకటికి మించి పూర్ణసంఖ్య పట్టదు. కాబట్టి 26, 17, 14, 14 అని నేరుగా వచ్చేస్తాయి.

3. మొత్తం సరిపోయినా నమ్మకూడని చోటు

గోధుమ జుట్టు వరుసను గుణిస్తే 120, 83, 54, 29 వస్తాయి. కూడితే సరిగ్గా 286. ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు, ఎందుకంటే ఇవి అసలు సంఖ్యలు కావు. 286 పెద్ద సంఖ్య కాబట్టి ఒక్కో గడిలో మూడేసి సంఖ్యలు కుదురుతున్నాయి. అన్ని కలయికలనూ చిన్న పైథాన్ కోడ్‌తో లెక్కపెట్టవచ్చు:

```python
from itertools import product
N, P = 286, [42, 29, 19, 10]
opts = [[n for n in range(N + 1)
         if (2*p - 1)*N <= 200*n < (2*p + 1)*N]
        for p in P]
ok = [c for c in product(*opts) if sum(c) == N]
print(opts, len(ok))
```

జవాబు 19. ఒకే వరుసకు 19 జవాబులు, అన్నీ ఫొటోలోని శాతాలకు సరిపోయేవే. (కోడ్‌లో దశాంశాలు వాడకుండా పూర్ణసంఖ్యలతోనే పోల్చాను. సరిగ్గా .5 దగ్గర కంప్యూటర్ దశాంశాలు తడబడతాయి.)

4. కింది వరుసతో వడపోత

ఇప్పుడు "అందరూ" వరుస పనికొస్తుంది. 592లో 37 శాతం అంటే గోధుమ కళ్లవాళ్లు 217 నుంచి 221 మంది. మిగతా మూడు వరుసల్లో 68, 26, 7 కలిపి 101 మంది ఇప్పటికే తేలారు. కాబట్టి గోధుమ జుట్టు వరుసలో 121 కుదరదు, 119 లేదా 120 మాత్రమే. దాంతో 19 కాస్తా 13 అయింది. మిగతా మూడు నిలువు వరుసలూ ఇదే విధంగా చూశాను, వాటివల్ల ఇంకేమీ తగ్గలేదు.

ఫొటో ఒక్కటే చేతిలో ఉంటే ఇక్కడితో ఆగాలి. 119 లేదా 120 అని హద్దుగానే రాయాలి. ఒక దశాంశం వరకు, అంటే 41.6 అని ఇచ్చి ఉంటే 119 ఒక్కటే మిగిలేది. ఒక్క దశాంశం ఉంటే హద్దు పదోవంతుకు తగ్గిపోతుంది.

5. పక్క పేరాలో ఏముందో చూడండి

రిపోర్టు దొరికితే టేబుల్ కింద కై-స్క్వేర్ విలువ, అంటే అడ్డు వరుసలకూ నిలువు వరుసలకూ సంబంధం ఉందో లేదో చూడ్డానికి గడుల్లోని సంఖ్యల నుంచి కట్టే లెక్క, ఇచ్చారేమో వెతకండి. ఈ డేటాకు అది 138.29. మిగిలిన 13 కలయికలకూ ఒక్కొక్కటిగా లెక్కేస్తే 137.73 నుంచి 140.02 వరకు వస్తాయి, ఏ రెండూ ఒకటి కావు. గుణకారంతో వచ్చిన 120, 83, 54, 29కి 138.98. సరిగ్గా 138.29 ఇచ్చేది 119, 84, 54, 29 ఒక్కటే. అసలు డేటాలో ఉన్నవి అవే.

చివరగా రాబట్టిన సంఖ్యల నుంచి శాతాలను మళ్లీ లెక్కగట్టి, ఫొటోతో గడి గడీ పోల్చండి. ఒక్క గడి తేడా వచ్చినా మొదటి మెట్టుకు వెళ్లాల్సిందే.

ఈ పద్ధతి అసలు పనిచేయని టేబుల్స్ కూడా ఉన్నాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లాంటివాటిలో శాతాలు వెయిటెడ్, అంటే ఒక్కో మనిషి జవాబును ఒకటిగా కాకుండా కొంత ఎక్కువగానో తక్కువగానో లెక్కేసి కట్టినవి. పక్కన ఇచ్చే సంఖ్య కూడా వెయిట్లు వేశాక వచ్చినదే. అక్కడ శాతాన్ని వెనక్కి తిప్పితే వచ్చేది ఇంటర్వ్యూ చేసిన మనుషుల లెక్క కాదు. కాబట్టి లెక్క మొదలుపెట్టే ముందే టేబుల్ కింద చిన్న అక్షరాల్లో వెయిట్ అన్న మాట ఉందేమో చూసుకోండి.