నాయన ఇచ్చిన ఇల్లు అమ్మితే పన్ను లెక్క ఎలా వేయాలి?

వారసత్వంగా వచ్చిన ఇల్లు అమ్మినవాళ్లు నా దగ్గరికి వస్తే దాదాపు అందరూ ఒకే మాటతో మొదలుపెడతారు: "నాయన పోయినప్పుడు ఇంటి విలువ ఇంత ఉండింది సార్, ఇప్పుడు ఇంతకి అమ్మాం." ఆ మొదటి అంకె లెక్కలోకి రాదు. ఇల్లు మీ పేరు మీదికి వచ్చిన రోజు విలువతో ఆదాయపు పన్నుకు పని లేదు. నాయన ఎంతకి కొన్నాడు, ఎంత పెట్టి కట్టాడు అన్నదే చూస్తారు. ఆయన దగ్గర ఇల్లు ఉన్న కాలాన్ని కూడా మీ ఖాతాలోనే కలుపుతారు కనుక ఇది దీర్ఘకాలిక లాభం కిందికే వస్తుంది.

తిరుపతిలో ఒక అన్నాచెల్లెళ్లు ఉన్నారనుకుందాం. వాళ్ల నాయన 1988లో కొర్లగుంటలో స్థలం కొని, 1992లో ఇల్లు కట్టి, 2012-13లో పైన మేడ వేశాడు. 2016లో పోయాడు. 2025 ఆగస్టులో ఇద్దరూ కలిసి ఇంటిని 90 లక్షలకు అమ్మారు, బ్రోకర్‌కు లక్ష ఇచ్చారు.

ముందు 2001 నాటి విలువ తేల్చుకోండి

1988 దస్తావేజులో స్థలం ధర వేలల్లోనే ఉంటుంది. అదే పట్టుకుంటే లాభం కొండంత కనిపిస్తుంది. కానీ 2001 ఏప్రిల్ 1కి ముందు కొన్న ఆస్తికి, అసలు ఖర్చు బదులు ఆ రోజు నాటి మార్కెట్ విలువ తీసుకునే వీలుంది. మొత్తం లెక్కలో ఎక్కువ డబ్బు మిగిల్చేది ఇదే.

దీనికో హద్దు ఉంది. ఆ విలువ, అదే రోజుకు రిజిస్ట్రేషన్ శాఖ పెట్టిన ప్రభుత్వ విలువను మించకూడదు. అందుకని మొదట సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి 2001 నాటి విలువ కాగితం తెచ్చుకోండి, ఆ తర్వాతే రిజిస్టర్డ్ వాల్యుయర్ దగ్గరికి వెళ్లండి. చాలామంది వరస తిరగేస్తారు. వాల్యుయర్ 14 లక్షలని రిపోర్టు రాసిస్తాడు, ప్రభుత్వ విలువ 10 లక్షలే ఉంటుంది, పైనున్న 4 లక్షలు గాలికి పోతాయి. మన అన్నాచెల్లెళ్ల విషయంలో 10 లక్షలే అనుకుందాం. ఆ తేదీకి ముందు పెట్టిన మరమ్మతులు, కట్టుబడి ఖర్చులు వేరుగా కలపకూడదు, అవి ఆ 10 లక్షల్లోనే ఉన్నట్టు లెక్క.

తర్వాత మేడ బిల్లులు

2001 ఏప్రిల్ తర్వాత ఇంటికి కొత్తగా చేర్చినవన్నీ ఖర్చులో కలపొచ్చు. పై అంతస్తు, బోరు, కాంపౌండ్ గోడ లాంటివి పనికొస్తాయి. సున్నం వేయించడం, కారే కుళాయి మార్పించడం పనికిరావు.

తిప్పలంతా రుజువుల దగ్గరే. బీరువా అడుగున రేకు పెట్టెలో దొరికే కాగితాలు ఒక్కొక్కటీ విప్పి చూడండి. సిమెంటు కొట్టువాడు ఇచ్చింది చాలాసార్లు బిల్లు కాదు, 'ఎస్టిమేట్' అని పైన రాసి ఉన్న చీటీ. దాని మీద కొట్టు పేరు, నంబరు, తేదీ ఉండవు. మేస్త్రీకి వారం వారం చేతికిచ్చిన కూలికి అసలు కాగితమే ఉండదు. అలాంటప్పుడు చుట్టుపక్కల రుజువులు కూడగట్టుకోవాలి: ఆ నెలల్లో డబ్బు తీసినట్టున్న బ్యాంకు పాస్‌బుక్, పై అంతస్తుకు తీసుకున్న ప్లాన్ అనుమతి, రెండో కరెంటు మీటరు తేదీ, పెరిగిన ఇంటి పన్ను రసీదు. నాయన పెట్టింది 11 లక్షలైనా కాగితాలు 8 లక్షలకే దొరికాయనుకుంటే, 8 దగ్గరే ఆగండి. నోటీసు వస్తే జవాబు చెప్పుకోలేని 3 లక్షల కోసం టెన్షన్ తెచ్చుకోవడం దండగ.

ఇప్పుడు రెండు లెక్కలు వేయండి

2024 జూలై 23 నుంచి ఇళ్ల లాభం మీద పన్ను 12.5 శాతం, ధరల పెరుగుదల సర్దుబాటు లేదు. అయితే ఆ తేదీకి ముందే చేతిలో ఉన్న ఇంటికి, ఇండియాలో ఉంటున్న అమ్మకందారుకు ఒక వెసులుబాటు ఉంది. పాత పద్ధతిలో ఆ సర్దుబాటు, అంటే ఇండెక్సేషన్ కలిపి 20 శాతం వేస్తే తక్కువ వస్తుందనుకోండి, ఆ తక్కువే కట్టొచ్చు. అమెరికాలో ఉన్న కొడుకు వాటాకు ఇది వర్తించదు, ఆయనకు టీడీఎస్ కూడా వేరే పద్ధతిలో కోస్తారు.

ఎవరి వాటా లెక్క వాళ్లదే. చెల్లెలి వాటాకు వచ్చింది 45 లక్షలు, బ్రోకర్ ఖర్చు తీస్తే 44.5 లక్షలు. 2001 విలువలో సగం 5 లక్షలు, మేడ ఖర్చులో సగం 4 లక్షలు.

మొదటి పద్ధతిలో లాభం 35.5 లక్షలు, 12.5 శాతం పన్ను 4,43,750.

రెండో పద్ధతికి ధరల పెరుగుదల సూచీ కావాలి. 2001-02కి అది 100, 2012-13కి 200, అమ్మిన 2025-26కి 376. అంటే 5 లక్షలు 18.8 లక్షలవుతాయి, 4 లక్షలు 7.52 లక్షలవుతాయి. మిగిలే లాభం 18.18 లక్షలు, 20 శాతం పన్ను 3,63,600. ఇదే తక్కువ. ఏ పద్ధతిలో తేలినా దాని మీద 4 శాతం సెస్ అదనం.

ఇదే చోట మేడ కాగితాలు దొరకలేదనుకోండి. రెండో పద్ధతిలో 5,14,000 వస్తుంది, మొదటి పద్ధతిలో 4,93,750. పద్ధతే తారుమారైంది, ఒక్కొక్కరికి లక్షా ముప్పై వేలు ఎక్కువ పడింది. ఆ రేకు పెట్టె ఖరీదు ఇద్దరికీ కలిపి రెండున్నర లక్షల పైమాటే.

పన్ను కట్టాలా, డబ్బు తిరిగి పెట్టాలా?

అన్నకు సొంత ఇల్లు కావాలి. అమ్మకానికి ఏడాది ముందు గానీ తర్వాత రెండేళ్లలో గానీ ఇల్లు కొన్నా, మూడేళ్లలో కట్టుకున్నా, అందులో పెట్టినంత లాభానికి పన్ను ఉండదు. తిరుచానూరు రోడ్డులో 40 లక్షలకు ఫ్లాటు తీసుకుంటే ఆయన లాభమంతా అందులో సర్దుకుపోతుంది. ఎంత పెట్టాలో చూసుకునేటప్పుడు ఇండెక్సేషన్ లేని 35.5 లక్షలనే మనసులో పెట్టుకుంటే ఏ చిక్కూ ఉండదు. రిటర్ను గడువు, అంటే 2026 జూలై 31 లోపు ఇల్లు కుదరకపోతే, మిగిలిన డబ్బును బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ ఖాతా తెరిచి అందులో వేయాలి. మామూలు సేవింగ్స్ ఖాతాలో ఉంచి "ఇల్లు చూస్తున్నాం సార్" అంటే ఒప్పుకోరు. కొత్త ఇంటిని మూడేళ్లలోపు అమ్మితే అలా మిగుల్చుకున్న పన్ను మళ్లీ తలకు చుట్టుకుంటుంది.

చెల్లెలికి ఇల్లు అక్కర్లేదు. ఆమె పన్ను మిగుల్చుకోవడానికి ఇంకో దారి లాభాన్ని 54 ఈసీ బాండ్లలో పెట్టడం, అవి ఆర్‌ఈసీ, పీఎఫ్‌సీ, ఐఆర్‌ఎఫ్‌సీ లాంటి సంస్థలవి. అమ్మిన ఆరు నెలల్లోపు కొనాలి, ఒక్కొక్కరికి 50 లక్షల హద్దు. ఐదేళ్లు తీయకూడదు, వాటి మీద అప్పూ తీసుకోకూడదు. వడ్డీ 5.25 శాతం దగ్గరే, అదీ పన్ను పడే వడ్డీ. మరి లాభమేనా? పన్ను కట్టేస్తే సెస్‌తో 3.78 లక్షలు పోయి, 31.72 లక్షలు మిగులుతాయి. దాన్ని 6.5 శాతం ఎఫ్‌డీలో వేస్తే ఏడాదికి 2.06 లక్షలొస్తాయి. బాండ్లలో 35.5 లక్షలకు 1.86 లక్షలు. ఏడాదికి 20 వేలు తగ్గినా ఐదేళ్లకు లక్షే, మిగిలింది 3.78 లక్షలు. కాబట్టి డబ్బు ఐదేళ్లు కదలకపోయినా ఇబ్బంది లేకపోతే బాండ్లే మేలు. పిల్ల పెళ్లి రెండేళ్లలో ఉంటే మాత్రం పన్ను కట్టేయమనే చెబుతాను.

సంతకం పెట్టే రోజు

మొత్తం ధర 50 లక్షలు దాటింది కాబట్టి కొన్నవాళ్లు 1 శాతం టీడీఎస్ కోసి కట్టాలి. ఇక్కడ ఇద్దరి పాన్‌ల మీద చెరో 45 వేలు పడాలి. మొత్తం 90 వేలూ అన్న పాన్ మీదే వేసేయడం నేను తరచూ చూసే పొరపాటు. అప్పుడు చెల్లెలి ఖాతాలో ఏమీ కనబడదు. రిటర్ను ఐటీఆర్-1లో కాదు, ఐటీఆర్-2లో వేయాలి. వేసే ముందు ఇద్దరూ ఎవరి ఫారం 26ఏఎస్ వాళ్లు తెరిచి ఆ 45 వేలు కనిపిస్తున్నాయో లేదో చూసుకోండి. కనిపించకపోతే కొన్నవాళ్లకు అప్పుడే ఫోన్ చేసి సరిచేయించండి.